పాదసూచిక చూపే దారి: ఉత్తర తెలంగాణ చరిత్ర పరిశోధనలో అముద్రిత ఆధారాలు

ఉత్తర తెలంగాణ మీద వచ్చిన చరిత్ర సిద్ధాంత గ్రంథాలు తిరగేస్తే పాదసూచికల్లో తరచూ కనబడే వరుస ఒకటుంది: "స్టేట్ ఆర్కైవ్స్, హైదరాబాద్". అంతే. ఏ శాఖ దస్త్రమో, ఏ మిసిలో, అందులో ఎన్నో పుటో ఉండదు. మంథని, మహాదేవపూర్, సిర్పూరు, ఆసిఫాబాదు ప్రాంతాల మీద పనిచేసేవారికి ఈ లోటు మరింత బరువు. ఇక్కడి గతానికి సంబంధించిన కాగితాల్లో అచ్చయినవి తక్కువ. మిగిలినదంతా ఉర్దూ, ఫారసీ మిసిళ్లలోనూ, ఇళ్లలో గుడ్డకట్టి దాచిన తాళపత్రాల్లోనూ, దేశం దాటిపోయిన మానవశాస్త్రజ్ఞుల నోటు పుస్తకాల్లోనూ ఉంది. అచ్చు పుస్తకానికి ప్రతులు వేల సంఖ్యలో ఉంటాయి కాబట్టి పేరూ, సంవత్సరమూ ఇస్తే చాలు. అముద్రిత పత్రం లోకంలో ఒక్కటే ఉంటుంది. దాన్ని చూసిన పరిశోధకుడు దారి చెప్పకపోతే మరొకరు దాన్ని మళ్లీ చూడలేరు. మళ్లీ చూడలేని ఆధారం మీద కట్టిన వాదం ఆ పరిశోధకుడి మాట మీద నమ్మకంగానే మిగిలిపోతుంది. అందుకే పాదసూచికలో సేకరణ, పెట్టె, ఫోల్డరు వివరాలు ఎలా ఇవ్వాలన్న ప్రశ్న అలంకారానికి చెందినది కాదు, రుజువుకు చెందినది. ఈ ప్రశ్న మీద ఇప్పుడున్న పద్ధతులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక నిర్ణయానికి రావచ్చు. పత్రాన్ని దాచిన సంస్థ తన దస్త్రాలను ఏ క్రమంలో పేర్చుకుందో ఆ క్రమంలోనే చిరునామా రాయాలి. ఆ చిరునామా ఎప్పుడైనా చెల్లకుండా పోతే ఆదుకునేలా పత్రం స్వరూపాన్ని కూడా పక్కనే రాయాలి. ఈ రెండూ కలిస్తేనే ఆధారం నిలబడుతుంది.

ఈ లోటు ఎంత నష్టం తెస్తుందో కొమురం భీం మరణ తేదీ చెబుతుంది. జోడెఘాట్ కొండల్లో నిజాం పోలీసుల కాల్పుల్లో భీం 1940లో చనిపోయాడన్న దానిలో ఎవరికీ తేడా లేదు. ఏ నెల, ఏ రోజు అన్న దగ్గరే మాటలు వేరవుతాయి. కొన్ని రచనలు సెప్టెంబరు అంటాయి, మరికొన్ని అక్టోబరు అంటాయి. గోండులు వర్ధంతిని ఆశ్వయుజ పున్నమి నాడు జరుపుతారు. 1940 అక్టోబరు 1న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. గ్రహణమంటే ఆనాడు అమావాస్యే. ఆ లెక్కన ఆ ఏటి ఆశ్వయుజ పున్నమి అక్టోబరు 16న పడుతుంది. సంప్రదాయం చెప్పే తిథిని ఇలా సరిచూసుకోగలం. సెప్టెంబరు అన్న మాటను సరిచూడాలంటే మాత్రం అది ఏ కాగితంలో ఉందో తెలియాలి. ఒకరి పుస్తకం నుంచి మరొకరు ఎత్తిరాసుకుంటూ వచ్చిన తేదీకి మూలపత్రం చిరునామా లేకపోతే, అది పోలీసు నివేదికలో ఉన్న తేదీయా, కబురు హైదరాబాదుకు చేరిన తేదీయా, ఫస్లీ తేదీని ఇంగ్లీషు తేదీలోకి మార్చడంలో దొర్లిన తప్పా అన్నది తేలదు. ఎన్ని పుస్తకాలు ఆ తేదీని చెప్పాయన్న లెక్క ఇక్కడ పనికిరాదు. అవన్నీ ఒకే తెలియని కాగితం నుంచి వచ్చినవైతే అది ఒక్క సాక్ష్యమే.

ఫస్లీ విషయం ఇక్కడ మరికాస్త వివరంగా చూడాలి. నిజాం ప్రభుత్వ దస్త్రాల్లో తేదీలు ఎక్కువగా ఫస్లీ లెక్కలోనే ఉంటాయి. హైదరాబాదు ఫస్లీ సంవత్సరం ఆజూర్ నెలతో అక్టోబరు 6 ప్రాంతంలో మొదలై, ఆబాన్ నెలతో మరుసటి అక్టోబరు మొదటి వారంలో ముగుస్తుంది. కాబట్టి 1350 ఫస్లీ అంటే 1940 అక్టోబరు నుంచి 1941 అక్టోబరు దాకా. జోడెఘాట్ ఘటన సెప్టెంబరులో జరిగి ఉంటే దాని మీద మొదటి నివేదిక 1349 ఫస్లీ ఆబాన్‌లోనో, అంతకు ముందు నెలలోనో నమోదై ఉండాలి. ఆశ్వయుజ పున్నమి నాడు జరిగి ఉంటే 1350 ఫస్లీ ఆజూర్‌లో ఉండాలి. పాదసూచికలో "1940 నాటి మిసిల్" అని మాత్రమే రాసిన పరిశోధకుడు ఈ తేడాను పూర్తిగా చెరిపేసినట్టే. మిసిల్ మీద ఉన్న ఫస్లీ తేదీని ఉన్నది ఉన్నట్టు రాసి, దాని పక్కన చదరపు కుండలీకరణాల్లో ఇంగ్లీషు తేదీ ఇస్తే, తర్వాత వచ్చే పాఠకుడు ఆ మార్పిడిని సరిచూసుకోగలడు. పరిశోధకుడు లెక్క తప్పినా మూలం తేదీ మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. మూలంలో ఉన్నది వేరు, మనం తేల్చుకున్నది వేరు అన్న ఈ విభజన అముద్రిత ఆధారాల ప్రస్తావనకు మొదటి నియమం. తక్కిన నియమాలన్నీ దీన్నుంచే పుడతాయి.

ఇప్పుడు పద్ధతుల సంగతి. మన విశ్వవిద్యాలయాల్లో చరిత్ర పరిశోధకులకు ఎక్కువగా సూచించేది షికాగో శైలి. అందులో పాదసూచిక ముందుగా పత్రంతో మొదలవుతుంది. ఎవరు ఎవరికి రాశారు, ఎప్పుడు రాశారు అన్నది మొదట వస్తుంది. ఆ తర్వాత ఫోల్డరు, పెట్టె, సేకరణ పేరు, చివరగా దాన్ని దాచిన సంస్థ వస్తాయి. అంటే చిన్నదాని నుంచి పెద్దదానికి నడక. గ్రంథం చివరి ఆధారసూచిలో ఈ నడక తిరగబడుతుంది. అక్కడ సేకరణ పేరో సంస్థ పేరో ముందుంటుంది. ఒకే సేకరణ నుంచి చాలా పత్రాలు వాడినప్పుడు ఆధారసూచిలో సేకరణను ఒక్కసారే చేర్చి, విడివిడి పత్రాలను పాదసూచికలకే వదిలేస్తారు. బ్రిటన్‌లోని సంస్థలు సంస్థ పేరును ముందు పెట్టి, వెంటనే తమ పూర్తి సంకేతాన్ని ఇమ్మంటాయి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్త్రాలకు IOR అన్న సంకేతం ఉంది. సంస్థానాల్లోని రెసిడెన్సీల నుంచి వెళ్లిన దస్త్రాలు IOR/R/2 వరుసలో ఉంటాయి. అక్కడ పెట్టె, ఫోల్డరు అన్న మాటల అవసరమే రాదు. గీతల మధ్యనున్న ఒక్కొక్క అంకె ఒక్కో మెట్టు దిగుతుంది. ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలన్న చర్చ వల్ల ఒరిగేది తక్కువ. రెండూ ఒకే పని చేస్తున్నాయి. ఆ సంస్థలో పనిచేసే ఉద్యోగి చేతికి ఆ చీటీ ఇస్తే, మరో ప్రశ్న అడగకుండా బీరువా దగ్గరికి వెళ్లి ఆ కాగితం తెచ్చి ఇవ్వగలగాలి. పెట్టె, ఫోల్డరు అన్నవి అమెరికా సంస్థల బీరువాల్లో ఉన్న మెట్లు. అక్కడి పాఠ్యపుస్తకాలు వాటినే నేర్పుతాయి కాబట్టి అవే సార్వత్రిక నియమమని మన విద్యార్థులు అనుకుంటున్నారు.

హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళితే ఆ పొరపాటు వెంటనే బయటపడుతుంది. అక్కడి అసఫ్‌జాహీ దస్త్రాలు ఇన్‌స్టాల్‌మెంటు, లిస్టు, వరుస నంబరు, మిసిల్ నంబరు అన్న మెట్లలో ఉంటాయి. వేర్వేరు ప్రభుత్వ శాఖలు తమ పాత దస్త్రాలను విడతలవారీగా అప్పగించినప్పుడు ఒక్కో విడతకు ఇన్‌స్టాల్‌మెంటు సంఖ్య పడింది. ఆ విడతతో వచ్చిన జాబితాలకు లిస్టు సంఖ్యలు, జాబితాలోని వరుసకు వరుస నంబరు ఉంటాయి. మిసిల్ నంబరు మాత్రం ఆనాటి కార్యాలయం తన అవసరం కోసం వేసుకున్నది. ఈ నాలుగింటిలో పరిశోధకులు ఎక్కువగా రాసేది మిసిల్ నంబరే, ఎందుకంటే అట్ట మీద పెద్దగా కనబడేది అదే. కానీ దాన్ని మాత్రమే ఇస్తే దస్త్రం దొరకదు. రెవెన్యూ శాఖలోనూ, ఫైనాన్స్ శాఖలోనూ, పొలిటికల్ శాఖలోనూ ఒకే ఏడాదిలో ఒకే అంకె ఉన్న మిసిళ్లు ఉండవచ్చు. ఇన్‌స్టాల్‌మెంటు, లిస్టు, వరుస నంబరు ఇస్తేనే బీరువా తెలుస్తుంది. ఇన్‌స్టాల్‌మెంటు ఇచ్చి మిసిల్ నంబరు వదిలేసినా చిక్కే. జాబితాలను మళ్లీ తయారుచేసిన రోజున వరుస సంఖ్య మారవచ్చు, మిసిల్ మీద ఆనాటి గుమస్తా రాసిన అంకె మాత్రం మారదు. కాబట్టి సంస్థ వేసిన అంకె, కార్యాలయం వేసిన అంకె రెండూ ఉండాలి.

ఒక నమూనా చూద్దాం. అంకెలు మచ్చుకు వేసినవే, చూడవలసింది క్రమం. "ఆదిలాబాదు అవ్వల్ తాలూక్‌దారు నుంచి రెవెన్యూ సెక్రటరీకి, 12 ఆజూర్ 1350 ఫస్లీ [1940 అక్టోబరు], ఉర్దూ, అసలు లేఖ, పుట 14, మిసిల్ నం. 20/1350 ఫ., రెవెన్యూ శాఖ. ఇన్‌స్టాల్‌మెంటు 50, లిస్టు 3, వరుస నం. 110, తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్, హైదరాబాద్." మొదటి భాగం పత్రం ఏమిటో చెబుతుంది. రెండోది ఆనాటి కార్యాలయంలో దాని స్థానం చెబుతుంది. మూడోది నేటి బీరువాలో దాని స్థానం చెబుతుంది. అవ్వల్ తాలూక్‌దారు అంటే నేటి కలెక్టరు హోదా. ఆ హోదాను కలెక్టరని మార్చి రాయకూడదు, ఎందుకంటే జాబితాలో వెతికేవారికి కనబడేది పాత హోదాయే. "అసలు లేఖ" అన్న రెండు మాటలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ వాటికి విలువ ఉంది. జిల్లా నుంచి వెళ్లిన అసలు లేఖ శాఖ మిసిల్‌లో ఉంటుంది, పంపిన కార్యాలయంలో నకలు మిగులుతుంది. అసలు మీద పై అధికారి అంచులో రాసిన వ్యాఖ్య నకలులో ఉండదు. ఆ వ్యాఖ్య మీదే వాదం నడిపిన సిద్ధాంత గ్రంథాన్ని నకలుతో సరిచూస్తే ఆధారం కల్పించినట్టే కనబడుతుంది. ఏది చూశారో చెబితే ఆ అపార్థానికి చోటుండదు.

పుట సంఖ్య గురించి కూడా ఒక మాట. నిజాం కాలపు మిసిల్‌లో ఒకే కట్టలో అర్జీ, దాని మీద విచారణ, కింది కార్యాలయాల జవాబులు, శాఖాంతర వ్యాఖ్యలు, చివరి ఉత్తర్వు వరుసగా కుట్టి ఉంటాయి. రెండు వందల పుటల మిసిల్‌కు పుట సంఖ్య లేకుండా ప్రస్తావన ఇస్తే, అర్జీదారు చేసిన ఆరోపణ ఎక్కడ ముగిసిందో, ప్రభుత్వం ఒప్పుకున్న వాస్తవం ఎక్కడ మొదలైందో పాఠకుడికి తెలియదు. భూమి కౌళ్లు, అటవీ హద్దులు, ఇనాముల వివాదాల మీద రాసేవారికి ఇది ప్రాణం లాంటిది. ఒక గ్రామాధికారి తన వాంగ్మూలంలో చెప్పిన మాటను ప్రభుత్వ నిర్ధారణగా ఉటంకిస్తే కథ తలకిందులవుతుంది. పుటలకు సంఖ్యలు లేని మిసిల్‌లో పత్రం వివరమే దిక్కు. ఎవరి నుంచి ఎవరికి, ఏ తేదీన అన్నది ఇస్తే కట్టలో దాన్ని పట్టుకోవచ్చు. సంఖ్యలు లేవు కదా అని పరిశోధకుడు పెన్సిలుతో తానే వేయడం తగదు, సంస్థ అందుకు ఒప్పుకోదు కూడా. లెక్కపెట్టి చెప్పాలనుకుంటే "మొదటి నుంచి లెక్కిస్తే" అని స్పష్టంగా రాయాలి.

పేర్లు మారడం ఈ ప్రాంతానికి ఉన్న ప్రత్యేకమైన చిక్కు. 1905లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఎల్గందల్ జిల్లా కరీంనగర్ జిల్లా అయింది. సిర్పూర్-తాండూర్ ఉపజిల్లా ఆదిలాబాదు జిల్లాగా మారింది. మంథని ఆ కాలంలో మహాదేవపూర్ తాలూకాకు చెందినది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక మంథని పెద్దపల్లి జిల్లాకు, మహాదేవపూర్ జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు వెళ్లాయి. జోడెఘాట్ కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. 19వ శతాబ్ది చివర మంథని మీద జరిగిన ఒక ఇనాము విచారణను వెతకాలంటే జాబితాలో ఎల్గందల్ కింద చూడాలి. పాదసూచికలో "పెద్దపల్లి జిల్లా దస్త్రాలు" అని రాసినవాడు తర్వాతివాడిని లేని బీరువా దగ్గరికి పంపుతున్నాడు. సంస్థ పేరు కూడా మారుతూ వచ్చింది. 1950లో షాజహాన్ కాలపు పత్రాల సంపుటాన్ని వెలువరించినప్పుడు ఈ సంస్థ పేరు దఫ్తరె దీవానీ. తర్వాత సెంట్రల్ రికార్డ్స్ ఆఫీసు అయింది, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఆర్కైవ్స్ అయింది, 2014 నుంచి తెలంగాణ పేరుతో ఉంది. పాత సిద్ధాంత గ్రంథాల్లో ఆంధ్రప్రదేశ్ ఆర్కైవ్స్ అని ఉన్న దస్త్రాలను ఇవాళ అమరావతిలో వెతకబోయే విద్యార్థి ఉండవచ్చు. దీనికి విరుగుడు తేలికే. గ్రంథం మొదట్లో సంక్షిప్త రూపాల పట్టిక పెట్టి, ప్రతి సంస్థకు పరిశోధన జరిగిన కాలం నాటి పేరు, పూర్వనామాలు, ఊరు, చూసిన సంవత్సరాలు ఒక్కసారి రాస్తే చాలు. పాదసూచికలో మాత్రం పత్రం మీద ఉన్న స్థలనామాన్నే ఉంచాలి.

పెట్టె, ఫోల్డరు నిజంగా అవసరమయ్యే చోటు కూడా ఈ ప్రాంత చరిత్రలోనే ఉంది. భీం తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు పరిశీలించే పని క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్‌కు అప్పగించింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశాడు. ఆయన నివేదికలు 1945లో నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖ తరఫున 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో అచ్చయ్యాయి. ఆదిలాబాద్ రాజగోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. ఆయన వ్యక్తిగత పత్రాలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో PP MS 19 అన్న సంకేతం కింద ఉన్నాయి. అంటే ఒకే మనిషి ఒకే ఊరి గురించి చెప్పిన మాట మూడు చోట్ల ఉండవచ్చు: క్షేత్రంలో రాసుకున్న నోట్సులో, ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, విద్వాంసుల కోసం రాసిన పుస్తకంలో. ఈ మూడూ ఒకటి కావు. నోట్సు ఆనాటి చూపు. నివేదిక ఒక ప్రభుత్వాన్ని ఒప్పించడానికి రాసినది. పుస్తకం తర్వాతి ఆలోచనతో కూడినది. "హైమెండార్ఫ్ ఇలా అన్నాడు" అని మాత్రమే రాస్తే ఈ మూడు గొంతులూ ఒకటైపోతాయి. నోట్సు నుంచి తీసుకున్నప్పుడు సేకరణ సంకేతం, జాబితాలో ఉన్న పెట్టె, ఫోల్డరు సంఖ్యలు, ఊరు, తేదీ ఇవ్వాలి. నోట్సులోనూ పుస్తకంలోనూ ఒకే మాట ఉంటే రెండూ ఇచ్చి, తేడా ఉంటే ఆ తేడాను పాదసూచికలోనే ఒక వాక్యంలో చెప్పాలి. ఆ వాక్యం చాలాసార్లు ఒక పేజీ విశ్లేషణ కంటే ఎక్కువ చెబుతుంది.

ఇక మంథని. గోదావరి ఒడ్డున తరతరాల వేదాధ్యయనానికి పేరుపడిన ఊరు ఇది, మంత్రపురి అని కూడా అంటారు. ఇలాంటి ఊరి చరిత్ర రాసేవారికి చేతికందే ఆధారాలు ఇళ్లలోనే ఉంటాయి: తాళపత్రాలు, కాగితపు ప్రతులు, సనదులు, ఇనాము నిర్ధారణకు ఇచ్చిన ముంతఖబ్‌లు. వీటికి ఇన్‌స్టాల్‌మెంటూ లేదు, పెట్టె సంఖ్యా లేదు. అలాంటప్పుడు "ప్రైవేటు సేకరణ" అని రాసి వదిలేయడం ఆనవాయితీ అయింది. సంస్థ చిరునామా ఇవ్వని చోట పరిశోధకుడే చిరునామా కట్టాలి, అలా కట్టింది తానేనని చెప్పాలి. చూసిన ప్రతి కట్టకూ ఒక గుర్తు ఇచ్చి, గ్రంథం చివర ఒక అనుబంధంలో ఆ గుర్తు దేనికి చెందుతుందో వివరించాలి. ఒక తాళపత్ర కట్టను తీసుకుందాం. ఆకుల సంఖ్య, పొడవు వెడల్పులు సెంటీమీటర్లలో, ఆకుకు ఎన్ని పంక్తులు, లిపి, భాష, రంధ్రాలు ఒకటా రెండా, మొదలూ తుదీ ఉన్నాయా, మధ్యలో ఏ ఆకులు లేవు, మొదటి మాటలు, చివరి మాటలు: ఇవి రాస్తే ఆ కట్ట రేపు మరో ఇంటికో ఏదో గ్రంథాలయానికో చేరినా గుర్తుపట్టవచ్చు. ఒకే కట్టలో మూడు నాలుగు రచనలు కలిసి ఉండటం మామూలే. కాబట్టి రచన పేరుతో పాటు అది ఎన్నో ఆకు నుంచి ఎన్నో ఆకు దాకా ఉందో చెప్పాలి. పాదసూచికలో ఆకు సంఖ్యతో పాటు ముందువైపా వెనకవైపా అన్నది తప్పనిసరి. మన తాళపత్రాల్లో ఆకు సంఖ్య సాధారణంగా ముందువైపు ఎడమ అంచున తెలుగు అంకెల్లో ఉంటుంది, వెనకవైపు ఏమీ ఉండదు. "12వ ఆకు" అంటే రెండు పుటలు. "12 వెనక, 3వ పంక్తి" అంటే ఒక్క చోటు.

ప్రతి చివర లేఖకుడు రాసే పుష్పికలో తేదీ దొరికితే పరిశోధకుడికి అది నిధి. కానీ అక్కడా ఫస్లీ విషయంలో చెప్పిన జాగ్రత్తే కావాలి. "పార్థివ సంవత్సర శ్రావణ శుద్ధ దశమి" అని మాత్రమే ఉందనుకుందాం. పార్థివ అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1825లో, 1885లో, 1945లో మొదలైన సంవత్సరాలకు అదే పేరు. శక సంవత్సరమో, వారమో కలిసి ఉంటే ఒకటి తేలుతుంది. లేకపోతే లిపి, కాగితం, లేఖకుడి వంశం మీద ఊహించాలి. పాదసూచికలో "పార్థివ [1885?]" అని ప్రశ్నార్థకంతో రాసి, ఎందుకు ఆ ఏడాదిని ఎంచుకున్నామో అనుబంధంలో చెప్పడం నిజాయితీ. "1885 నాటి ప్రతి" అని తేల్చి రాస్తే ఆ ఊహ తర్వాతి గ్రంథంలో వాస్తవంగా ఎక్కుతుంది. ఇంకో తేడా కూడా మరవకూడదు. పుష్పికలోని తేదీ ఆ ప్రతిని రాసిన తేదీ, రచన పుట్టిన తేదీ కాదు. అచ్చు కాని రచనను ప్రస్తావించేటప్పుడు ఈ రెండూ వేర్వేరుగా ఉండాలి.

ఇంతవరకూ చెప్పినదానికి ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది, పాదసూచికలు పేజీని మింగేస్తాయన్నది. మొదటి ప్రస్తావన నిజంగానే పొడవవుతుంది. కానీ రెండోసారి నుంచి పట్టికలోని సంక్షిప్త రూపం, మిసిల్ నంబరు, పుట చాలు. ఇవి ఒక వరుసలో ఒదుగుతాయి. తగ్గించవలసిన చోటు ఇది, మొదటి ప్రస్తావన కాదు. రెండో అభ్యంతరం మరింత గట్టిది. పెట్టెలు మారతాయి, జాబితాలు తిరగరాస్తారు, దస్త్రాలు స్కానయ్యాక అట్ట ముట్టుకోనివ్వరు, అలాంటప్పుడు ఇంత శ్రమ దేనికి? అంకె మారే అవకాశం ఉంది కాబట్టే పత్రం వివరం కూడా ఇమ్మంటున్నాం. సంస్థ అంకెలు మార్చినప్పుడు పాత అంకెల నుంచి కొత్తవాటికి పట్టిక తయారు చేయగలుగుతుంది. పాత అంకె ఏదీ లేని ప్రస్తావనకు ఆ పట్టిక పనికిరాదు. స్కాన్ చూసినవారు స్కాన్ చూశామని చెప్పి, అందులో చిత్రం సంఖ్యతో పాటు మిసిల్ పుట సంఖ్య కూడా ఇవ్వాలి. చిత్రం సంఖ్యలో అట్ట, ఖాళీ పుటలు కలుస్తాయి కాబట్టి అది పుట సంఖ్యతో సరిపోదు. స్కాన్‌లో అంచు తెగిపోయి ఉంటే అదీ చెప్పాలి, ఎందుకంటే అంచులోనే అధికారి వ్యాఖ్య ఉంటుంది.

మూడో అభ్యంతరం ఇళ్లలోని ప్రతుల గురించి. సొంతదారు పేరూ ఇల్లూ రాస్తే దొంగలకు దారి చూపినట్టవుతుందనీ, భూమి పత్రాలైతే కుటుంబ తగాదాల్లో సాక్ష్యంగా వాడుకుంటారనీ భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. 1972 నాటి పురావస్తు, కళాసంపద చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతి పురావస్తువే. అలాంటి ప్రతులకు బజారులో గిరాకీ కూడా ఉంది. కాబట్టి అచ్చులో గుర్తు, ఊరు, ప్రతి వివరం మాత్రమే ఇచ్చి, సొంతదారు పేరు వారు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఇవ్వాలి. ఒప్పుకోకపోతే గుర్తుకూ సొంతదారుకూ సంబంధం చెప్పే పట్టికను పర్యవేక్షకుడి దగ్గరో విశ్వవిద్యాలయ విభాగంలోనో దాచాలి, ఛాయాచిత్రాల ప్రతిని కూడా అక్కడే ఉంచాలి. అప్పుడు లోకానికి ఇల్లు తెలియదు గానీ పరీక్షకుడు ఆధారాన్ని చూడగలడు. పూర్తిగా దాచడానికీ పూర్తిగా చాటడానికీ మధ్య ఈ దారి ఉండగా "ప్రైవేటు సేకరణ" అన్న రెండు మాటల వెనక తలదాచుకోవలసిన పని లేదు.

నాలుగోది ఎవరూ పైకి అనని అభ్యంతరం, కానీ ఆచరణలో అన్నింటికంటే బలమైనది: మరొకరి పాదసూచికలో ఉన్న దస్త్రం వివరాలను చూడకుండానే తన పాదసూచికలోకి ఎత్తుకోవడం. ఉర్దూ, ఫారసీ రాని విద్యార్థికి ఈ ప్రలోభం ఎక్కువ. దీన్ని పట్టుకోవడం అనుకున్నంత కష్టం కాదు. రెండు గ్రంథాల్లో ఒకే మిసిల్, ఒకే పుట, ఒకే వాక్యం, ఒకే అచ్చుతప్పుతో కనబడితే రెండోది మొదటిదాని నకలే. తెలుగు గ్రంథంలో ఉర్దూ పత్రం ఉటంకింపు ముందే వచ్చిన ఇంగ్లీషు అనువాదాన్ని మాటకు మాట అనుసరిస్తే అదీ గుర్తే. దీనికి సరైన రూపం ఉండనే ఉంది: మిసిల్ వివరాలు ఇచ్చి, "ఫలానా గ్రంథంలో ఉటంకించినది" అని చేర్చడం. ఇలా రాయడం చిన్నతనం కాదు. చదివించుకున్న అనువాదమైతే ఎవరు చదివారో కృతజ్ఞతల్లో చెప్పి, కీలకమైన వాక్యం మూలం లిప్యంతరీకరణను అనుబంధంలో ఇస్తే పరీక్షకుడు తానే తేల్చుకోగలడు.

ఇవన్నీ రాసే రోజున గుర్తు తెచ్చుకుని చేసే పనులు కావు, చదివే గదిలోనే జరగాలి. మిసిల్ తెరవగానే అట్టను, దాన్ని తెప్పించుకున్న చీటీని ముందు ఫొటో తీయాలి. ఆ తర్వాతే లోపలి పుటలు. ప్రతి పత్రానికీ ఎవరి నుంచి ఎవరికి, తేదీ మూలరూపంలో, భాష, అసలా నకలా, పుట అన్న అయిదు వివరాలు ఒక వరుసలో రాసుకుంటే ఇల్లు చేరాక పాదసూచిక తనంతట తానే తయారవుతుంది. ఫొటోల కుప్పతో ఇల్లు చేరి ఏది ఏ మిసిల్‌లోదో తేల్చుకోలేక "స్టేట్ ఆర్కైవ్స్, హైదరాబాద్" అని సరిపెట్టుకున్న గ్రంథాలే మన ముందు ఎక్కువగా ఉన్నాయి. ఆ స్థితి మారాలంటే విశ్వవిద్యాలయ విభాగాలు ఒక చిన్న పని చేయాలి. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు అందులోంచి ఏవైనా పది పాదసూచికలు ఎంచి, ఆ పరిశోధనతో సంబంధం లేని మరో విద్యార్థికి ఇచ్చి ఆర్కైవ్స్‌కు పంపాలి. పత్రాలు దొరికితే సమర్పణకు అనుమతి ఇవ్వాలి, దొరకకపోతే సరిదిద్దించాలి. జోడెఘాట్‌లో ఏ రోజు ఏం జరిగిందో, మంథనిలో ఏ ప్రతిని ఎవరు ఎప్పుడు రాశారో తేల్చగలిగే కాగితాలు ఇంకా ఉన్నాయి. వాటిని చూసినవారు దారి రాసి పెడితే తర్వాతి తరం అక్కడి నుంచి ముందుకు నడుస్తుంది. రాయకపోతే అదే వెతుకులాటను మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది.